సంతకం కోసం రెండో మెయిల్

మొదటి మెయిల్‌కు జవాబు రాకపోతే జూనియర్‌కైతే ఫోన్ చేసి అడిగేస్తాం. తోటివాడైతే టీ తాగేటప్పుడు గుర్తుచేస్తాం. అవతల ఉన్నది మనకంటే పదిహేనేళ్లు సీనియర్, మన అప్రైజల్ మీటింగులో ఒక మాట అనగల మనిషి అయితేనే చిక్కు. గట్టిగా రాస్తే పొగరంటారు, మెత్తగా రాస్తే మళ్లీ పక్కన పడేస్తారు. ఈ భయంతో చాలామంది రోజులు గడిపేసి, చివరికి గడువు ముందురోజు రాత్రి కంగారుగా ఓ వాక్యం రాసి పంపిస్తారు. ఆ వాక్యం సాధారణంగా ఏ పనీ చెయ్యదు.

మాటల్లో కాక లెక్కలతో చూద్దాం. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ ఉందనుకోండి. ప్యాకింగ్ లైన్‌కు గాలి అందించే ఎయిర్ కంప్రెసర్‌కు ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అంటే అందరూ ఏఎంసీ అనేది, ఉంటుంది. ఇప్పుడున్నది అక్టోబరు 31తో ముగుస్తుంది. సర్వీసు కంపెనీ కొత్త కొటేషన్ ఇచ్చింది. మొత్తం 1,80,000 రూపాయలు, జీఎస్టీ అదనం. ఆ ధర అక్టోబరు 24 వరకే చెల్లుతుంది. మెయింటెనెన్స్ ఇంజినీరుగా ఉన్న అమ్మాయి అక్టోబరు 6, సోమవారం నాడు ఫైనాన్స్‌లోని సీనియర్ మేనేజర్‌కు ఆమోదం కోసం మెయిల్ పెట్టింది. ఆయన ఆమెకు నేరుగా బాస్ కాదు, కానీ ఖర్చుకు ఓకే చెప్పాల్సింది ఆయనే. వారం గడిచింది. ఉలుకూ పలుకూ లేదు.

రెండో మెయిల్ రాసే ముందు ఆమె చేయాల్సిన పని ఒకటుంది. మొదటి మెయిల్‌ను తనది కాదన్నట్టు, ఆయన ఫోన్‌లో చదువుతున్నట్టు ఊహించుకుని తెరిచి చూడటం. అందులో ఇలా ఉంది: సబ్జెక్టు ‘రిగార్డింగ్ ఏఎంసీ’. లోపల ‘పై విషయానికి సంబంధించి కొటేషన్ జతచేశాను. పరిశీలించి తగు చర్య తీసుకోగలరని మనవి’. అంతే. పంపింది ముగ్గురికి: ఆయనకు, తన మేనేజర్‌కు, పర్చేజ్ విభాగానికి.

ఇందులో లేనిదేమిటో చూడండి. ఎంత డబ్బో లేదు, అది తెలియాలంటే పీడీఎఫ్ తెరవాలి. ఎప్పటిలోగానో లేదు. ఏం కావాలో కూడా లేదు. ‘తగు చర్య’ అంటే సంతకమా, సలహానా, ఊరికే తెలియజేయడమా? పైగా ‘టు’ గడిలో ముగ్గురి పేర్లుంటే ముగ్గురూ మిగతా ఇద్దరిలో ఎవరో చూస్తారనుకుంటారు. ఇది నిర్లక్ష్యం కాదు, ఆఫీసుల్లో రోజూ జరిగేదే. ఇక అన్నిటికంటే అసలుది వేరే ఉంది. పోయినేడు ఇదే కాంట్రాక్టు 1,62,000 రూపాయలు. ఈసారి 18,000 ఎక్కువ, అంటే పదకొండు శాతం. ఫైనాన్స్ మనిషి పీడీఎఫ్ తెరిచాడనే అనుకుందాం. ముందుగా ఆయనకు తట్టేది ‘ఎందుకు పెరిగింది?’ అన్న ప్రశ్నే. దానికి మెయిల్‌లో జవాబు లేదు. అడగాలంటే రాయాలి, రాయడానికి తీరిక కావాలి. ‘తర్వాత చూద్దాం’ అని మూసేస్తాడు. సీనియర్ల మౌనంలో సగానికి సగం ఇలా అడగని ప్రశ్నేనని నా అభిప్రాయం. అందుకే మొదటి మెయిల్‌ను మళ్లీ ఫార్వర్డ్ చేసి పైన ‘జెంటిల్ రిమైండర్ సార్’ అని అతికిస్తే ఆయన మళ్లీ అదే ప్రశ్న దగ్గర ఆగుతాడు.

మామూలుగా పంపే రిమైండర్లు రెండు రకాలు. ఒకటి బతిమాలేది: ‘సార్, మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. డిస్టర్బ్ చేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మీ వీలు చూసుకుని ఓసారి చూడగలరు.’ ఇందులో మర్యాద దండిగా ఉంది, అడిగింది మాత్రం లేదు. ‘మీ వీలు చూసుకుని’ అనడమంటే గడువు లేదని మన నోటితో మనమే చెప్పడం. రెండోది మండిపడేది: ‘6వ తేదీనే మెయిల్ పంపాను. ఇంతవరకు మీ నుంచి ఎలాంటి స్పందన లేదు. ఆలస్యానికి మా విభాగం బాధ్యత వహించదు.’ ఇది చదివినవాడికి కంప్రెసర్ గుర్తురాదు, ఈ అమ్మాయి తన మీద కేసు తయారుచేస్తోందన్న సంగతే గుర్తుంటుంది. ఇక ఆయన తెలివంతా జవాబు మీద కాక ఎదురు జవాబు మీదికి పోతుంది.

అక్టోబరు 14, మంగళవారం ఉదయం ఆమె పంపదగిన మెయిల్ ఇలా ఉండొచ్చు. చాలా ఆఫీసుల్లో దీన్ని ఇంగ్లీషులోనే రాస్తారు. భాష మారినా ఎముకలు ఇవే. అదే పాత మెయిల్‌కు రిప్లైగా పెట్టాలి, అప్పుడు పాత తేదీ కిందనే కనబడుతుంది, మనం ఎత్తిచూపనక్కర్లేదు. సబ్జెక్టు మాత్రం మార్చాలి. ‘టు’లో ఆయన ఒక్కరే ఉండాలి.

సబ్జెక్టు: కంప్రెసర్ ఏఎంసీ, రూ. 1,80,000 – మీ ఆమోదం 16వ తేదీ గురువారంలోగా

‘సార్, నమస్కారం.

కంప్రెసర్ ఏఎంసీ రెన్యువల్‌కు మీ ఆమోదం రావాల్సి ఉంది. 6వ తేదీ మెయిల్‌లో లేని వివరాలు కింద చేర్చాను.

మొత్తం రూ. 1,80,000, జీఎస్టీ అదనం. పోయినేడు రూ. 1,62,000. పెరిగిన రూ. 18,000లో ఫిల్టర్ల ధర కలిసి ఉంది. పోయినేడు ఫిల్టర్లు విడిగా కొన్నాం.

ఈ ధర 24వ తేదీ వరకే. ఇప్పుడున్న ఏఎంసీ 31తో ముగుస్తుంది. 20న దీపావళి సెలవు కాబట్టి, పీఓ సమయానికి వెళ్లాలంటే మీ ఆమోదం 16వ తేదీ గురువారం సాయంత్రంలోగా కావాలి.

సరేనంటే ‘ఓకే’ అని ఒక్క మాట రాస్తే చాలు. సందేహాలుంటే రేపు ఉదయం పదింటికి మీ క్యాబిన్‌కు వచ్చి వివరిస్తాను. ఇప్పుడు వద్దనుకున్నా ఆ మాటే రాయండి, సర్వీసు కంపెనీకి చెప్పేస్తాను. ఇది చూడాల్సింది వేరెవరైనా అయితే ఎవరికి పంపాలో చెప్పండి.’

ఈ మెయిల్‌లో గట్టిదనం ఎక్కడుందో వెతికితే ఒక్కచోటే దొరుకుతుంది, తేదీలో. అది కూడా ఆమె పెట్టిన తేదీ కాదు. కొటేషన్ పెట్టింది, దీపావళి పెట్టింది. ‘నాకు గురువారంలోగా కావాలి’ అంటే ఒక జూనియర్ సీనియర్‌కు గడువు విధించినట్టు ఉంటుంది. ‘24తో ధర పోతుంది, మధ్యలో సెలవుంది, అందుకే 16’ అంటే ఆ లెక్క ఎవరు వేసినా అంతే వస్తుంది. అందుకే గడువు రాసినప్పుడు కారణం పక్కనే ఉండాలి. ఉత్తి ‘అర్జెంట్’ అనే మాట మీద ఇప్పుడు ఎవరికీ నమ్మకం లేదు, ప్రతి మెయిల్ మీదా అదే ఉంటుంది.

తేదీని కొంచెం ముందుకు జరపడం కూడా గమనించండి. నిజమైన గడువు 24, అడిగింది 16. పీఓ తయారవడానికి రెండు పనిదినాలు తీసేసినా ఆమెకు ఇంకో రిమైండర్‌కు చోటుంటుంది. 23వ తేదీ అని అడిగి ఉంటే రెండో అవకాశమే ఉండదు. అలాగని ధర 17తోనే పోతుందని అబద్ధం రాయకూడదు. కొటేషన్ కిందే జతచేసి ఉంది, ఆయన ఒక్కసారి చూస్తే ఇక ఆమె రాసే ఏ తేదీనీ నమ్మడు.

చివరి పేరా కూడా ముఖ్యమే. ఆమె ఆమోదం కోరుతోంది కానీ పట్టుబట్టింది నిర్ణయం కోసం. అవును, కాదు, సందేహం, నాది కాదు – నాలుగింటికీ దారి ఉంది, దేనికైనా ఒక్క మాట చాలు. సీనియర్లు చాలాసార్లు మాట్లాడకుండా ఉండేది కాదనడం ఇష్టం లేకే. కాదనడానికి కూడా సులువైన దారి చూపిస్తే మౌనంగా ఉండటానికి మిగిలే సాకులు తగ్గిపోతాయి.

ఇక మర్యాద. తెలుగులో ఇది ‘గారు’, ‘సార్’, ‘దయచేసి’ల్లో ఉందనుకుంటాం. అంతకంటే క్రియలో ఉంది. పై మెయిల్ మళ్లీ చదవండి. ‘మీరు ఆమోదించలేదు’ అని ఎక్కడా లేదు, ‘మీ ఆమోదం రావాల్సి ఉంది’ అని ఉంది. మొదటిది మనిషి మీద వేలు పెడుతుంది, రెండోది కాగితం మీద పెడుతుంది. చెప్పిన సంగతి మాత్రం ఒకటే. సీనియర్‌కు రాసేటప్పుడు ‘మీరు’తో మొదలై ‘లేదు’తో ముగిసే వాక్యం ఒక్కటీ ఉండకూడదన్నది నేను పాటించే నియమం.

చిన్న చిన్న ముక్కలు కూడా కుడతాయి. ‘6వ తేదీన పంపాను’ అంటే సమాచారం. ‘6వ తేదీనే పంపాను’ అంటే దెప్పిపొడుపు, ఒక్క ఏత్వంతో. ‘చెప్పాను కదా సార్’లో ఆ ‘కదా’ అలాంటిదే. ‘ఇంతవరకు’, ‘ఇప్పటికైనా’, ‘కనీసం’ – రాసినవాళ్లకు మామూలుగా కనిపిస్తాయి, చదివేవాళ్లకు ముల్లులా తగులుతాయి. మెయిల్ పూర్తయ్యాక ఈ మాటల కోసమే ఒకసారి చదివితే మంచిది. రెండోవైపు ‘ఆమోదించగలరు’, ‘పరిశీలించగలరు’ అనే ఆఫీసు తెలుగు. ఇది మర్యాదగానే ఉంటుంది కానీ ఎప్పుడన్నది చెప్పదు. వాడాలనుంటే తేదీతో కలిపే వాడండి. ‘16వ తేదీలోగా ఆమోదించగలరు’ అంటే చక్కగా పనిచేస్తుంది.

క్షమాపణ అసలు వద్దు. అడగాల్సిన పని అడిగినందుకు ‘సారీ సార్’ అనడం దేనికి? అది వినయంగా అనిపించినా, ఈ మెయిల్ రాకుండా ఉంటేనే బాగుండేదని ఆయనకు మనమే సూచించినట్టవుతుంది.

మెయిల్ వెళ్లాక వాట్సాప్‌లో ఒక కబురు పెట్టడం మన ఆఫీసుల్లో ఇప్పుడు మామూలే. తప్పేం లేదు, కానీ దానిలో ఆమోదం అడగొద్దు, మెయిల్ చూడమని మాత్రం చెప్పాలి. ‘నమస్తే సార్. కంప్రెసర్ ఏఎంసీ వివరాలు ఇవాళ పొద్దున మెయిల్ పెట్టాను. గురువారంలోగా మీ జవాబు కావాలి సార్.’ ఇది చాలు. ‘గుడ్ మార్నింగ్ సార్’ అని పంపి జవాబు కోసం కాచుక్కూర్చోవడం మహా చికాకు. ఆయనకు సంగతేమిటో తెలియదు, మనకు నీలం టిక్కులు మాత్రం కనబడతాయి. ఆ టిక్కుల్ని సాక్ష్యంగా ‘చూశారు కదా సార్’ అని ఎప్పుడూ అనకండి.

నోటిమాట ఆమోదం సంగతి వేరుగా చెప్పాలి, ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. బుధవారం పొద్దున ఆమె క్యాబిన్‌కు వెళ్లింది. ఆయన ఫోన్ మాట్లాడుతూనే ‘ఆఁ, కానివ్వండమ్మా’ అన్నారు. ఇది ఆమోదమేనా? ఆయన మనసులో కావచ్చు. కానీ రేపు ఆడిటర్ అడిగేది రాతపూర్వక ఆమోదం. ఆరునెలల తర్వాత ‘నేనెప్పుడన్నాను?’ అంటే ఆయన అబద్ధమాడుతున్నట్టు కాదు, నిజంగానే గుర్తుండదు. అందుకే సీటు దగ్గరికి రాగానే అదే మెయిల్ వరుసలో రాయాలి: ‘సార్, ఇందాక క్యాబిన్‌లో కలిసినప్పుడు కంప్రెసర్ ఏఎంసీకి రూ. 1,80,000, జీఎస్టీ అదనంతో, సరేనన్నారు. రికార్డు కోసం ఈ మెయిల్‌కు ‘ఓకే’ అని రిప్లై ఇస్తే వెంటనే పర్చేజ్‌కు పంపిస్తాను.’ రిప్లై వచ్చేదాకా పర్చేజ్‌కు పంపకూడదు. ఆయన ‘చెప్పాను కదమ్మా’ అని విసుక్కున్నా సరే.

గురువారం సాయంత్రం కూడా జవాబు లేదనుకుందాం. ఇప్పుడు సీసీ ప్రశ్న వస్తుంది. సీసీలో ఎవరిని పెడతామన్నది రాసే మాటల కంటే గట్టిగా వినబడుతుంది. మొదటి రిమైండర్‌లోనే ఆయన పైవాళ్లను పెడితే అది ఫిర్యాదు. 17వ తేదీ శుక్రవారం పంపే రెండో రిమైండర్‌లో ఆమె తన మేనేజర్‌ను పెట్టొచ్చు, ఆయన పై అధికారిని కాదు. అదైనా రెండువైపులా ముందు చెప్పే చేయాలి. తన మేనేజర్‌తో ‘24 దగ్గరపడుతోంది, మిమ్మల్ని సీసీలో పెడుతున్నాను’ అనాలి. మెయిల్‌లోనూ ఎందుకు పెట్టిందో బయటికే రాయాలి:

‘సార్, కంప్రెసర్ ఏఎంసీపై మీ నిర్ణయం రావాల్సి ఉంది. ధర గడువు 24. దీపావళి తర్వాత మిగిలేవి నాలుగు పనిదినాలే కాబట్టి మా మేనేజర్‌గారిని కూడా ఇందులో చేర్చాను. 21వ తేదీ మంగళవారం మధ్యాహ్నంలోగా మీ మాట తెలిస్తే పాత ధరకే పీఓ ఇవ్వగలం. ఆ తర్వాత పాత ధర దొరుకుతుందని చెప్పలేను.’

చివరి రెండు వాక్యాల్లో బెదిరింపు లేదు, జరగబోయేది ఉంది. ‘లేకపోతే బాధ్యత మీదే’ అని రాయాలన్న కోరిక సరిగ్గా ఈ దశలోనే పుడుతుంది. రాయకండి. బాధ్యత ఎవరిదో తేదీలే చెబుతాయి.

21 కూడా దాటితే ఇంకో మెయిల్ వల్ల లాభం లేదు. ఆమె మేనేజర్ నేరుగా ఆయనతో మాట్లాడాల్సిన సమయమది. ఒకే హోదాలో ఉన్నవాళ్లిద్దరూ రెండు నిమిషాల్లో తేల్చుకునేదాన్ని కింద ఉన్నవాళ్లు పది మెయిళ్లతో సాధించలేరు.

ప్రభుత్వ ఆఫీసుల్లో దీనికి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. మామూలు లేఖకు, రిమైండర్‌కు కదలిక లేకపోతే డి.ఓ. లెటర్ రాస్తారు. మామూలు లేఖ హోదాకు వెళ్తుంది, అది సెక్షన్‌లో ఎవరి బల్ల మీదైనా ఆగొచ్చు. డి.ఓ. లెటర్ అధికారికి పేరు పెట్టి, ఆయన వ్యక్తిగతంగా పట్టించుకోవాలని కోరుతూ, సాటి అధికారి రాసేది. అంటే కింది గుమాస్తా గొంతు పెంచడు, సంతకం చేసే చెయ్యి మారుతుంది. ప్రైవేటు కంపెనీలో ‘మా మేనేజర్ ఒకసారి మాట్లాడతారు’ అనేదీ ఇదే పని చేస్తుంది.

ఇంకో మాట తరచూ కనబడుతోంది: ‘శుక్రవారంలోగా మీ నుంచి జవాబు రాకపోతే ఆమోదించినట్టుగా భావిస్తాను.’ మీటింగు మినిట్స్ పంపేటప్పుడు ‘ఎల్లుండిలోగా మార్పులు చెప్పకపోతే వీటినే ఖరారు చేస్తాను’ అంటే ఫర్వాలేదు, అందులో పోయేది లేదు. డబ్బు విషయంలో ఇది చెల్లదు. ఖర్చుకు సంతకం పెట్టే అధికారం ఎవరికి ఎంతవరకు అన్నది కంపెనీ రాసిపెట్టుకుని ఉంటుంది. ఆయన మౌనం ఆ అధికారాన్ని ఆమెకు బదిలీ చెయ్యదు. అలా పీఓ వెళ్లిపోతే, తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది జవాబివ్వని ఆయన కాదు, ‘భావించిన’ ఆమె.

ఇవన్నీ చేసినా కొన్నిసార్లు జవాబు రాదు. అది మరుపు కాదు, ఉద్దేశమేనని పోల్చుకోవడానికి గుర్తులున్నాయి. మిగతా మెయిళ్లకు ఆయన గంటలో జవాబిస్తుంటాడు. ఎదురుపడితే ‘చూద్దాం’ అని మాట మారుస్తాడు. ఆ త్రైమాసికం ఖర్చులు ఆపమని పైనుంచి మాట వచ్చి ఉండొచ్చు, దాన్ని రాతలో పెట్టడం ఆయనకు ఇష్టం లేకపోవచ్చు. అప్పుడు ఆమోదం కోసం మరింత చక్కటి వాక్యం వెతకడం వృథా. అడగాల్సిన ప్రశ్న మార్చాలి: ‘సార్, ఏఎంసీ ఈ నెల కుదరకపోతే నవంబరు నుంచి సర్వీసు ఎలా చేయించమంటారు? బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు పిలిపించి, ఆ కాల్ వరకే చెల్లించడం ఒక దారి. మూడు నెలలకు చిన్న కాంట్రాక్టు ఇంకొకటి. ఏది సరిపోతుందో చెప్పండి.’ ఖర్చు వద్దనుకున్న మనిషికి కూడా ఈ ప్రశ్నకు జవాబివ్వడం తేలిక.

అదీ లేకపోతే 24వ తేదీ సాయంత్రం ఆఖరి మెయిల్, రెండే ముక్కలు. ‘కంప్రెసర్ ఏఎంసీ కొటేషన్ గడువు ఈ రోజుతో ముగిసింది. నవంబరు 1 నుంచి కాంట్రాక్టు ఉండదు, సర్వీసు కాల్ చార్జీ, విడిభాగాల ఖర్చు విడిగా పడతాయి. కొత్త కొటేషన్ అడిగాను.’ ఆయనకు, తన మేనేజర్‌కు, ప్రొడక్షన్ ఇన్‌చార్జికి. ఇందులో ప్రశ్న లేదు, నింద లేదు. నవంబరులో ఏదో ఒక రాత్రి షిఫ్టులో కంప్రెసర్ ఆగితే ముందుగా ఫోన్ వచ్చేది మెయింటెనెన్స్‌కే. కాబట్టి ఈ ఒక్క మెయిల్‌ను బద్ధకించకుండా ఆ రోజే పంపండి.